లీగల్ నోటీసులో ‘దయచేసి’ కొట్టేసిన రోజు (దారి కథలు – 3)



పోయిన భాగంలో శ్మశానం దారి గురించి రాశాక నలుగురైదుగురు తమ్ముళ్ళు ఒకే మాట అడిగారు. “అన్నా, శ్మశానం దాకా ఎందుకు, మా ఇంటి ముందు సందులోనే పక్కింటాయన గేటు పెట్టాడు. లీగల్ నోటీసు ఇద్దామనుకుంటున్నాం. నమూనా ఏదైనా ఉంటే పంపు.”

నమూనా పంపను. నమూనా చూసి రాసిన నోటీసు వల్ల ఓడిపోయే పరిస్థితికి వచ్చిన ఒక కేసు నాకు దగ్గరగా తెలుసు. ఆఖరి నిమిషంలో అది ఎలా తప్పిందో చెబుతాను. అది మా బంధువుల ఊరు, కోస్తాలో ఉంటుంది. కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను.

ఊరికీ పల్లెకీ మధ్య సిమెంటు రోడ్డు. రోడ్డు మీద నుంచి మనవాళ్ళ నాలుగు ఇళ్ళకు పోవడానికి ఒక సందు. పొడవు అరవై ఆరు అడుగులు, వెడల్పు ఏడు అడుగులు. సందుకు తూర్పు పక్క ఊళ్ళో మోతుబరి కుటుంబం ఇల్లు. 2021లో ఆయన సందులోకి రెండు మెట్లు దించి, పక్కన బట్టలుతికే బండ వేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత బాత్‌రూమ్ కట్టి సెప్టిక్ ట్యాంకు సందులోకి జరిపాడు, అది నేల మీద అడుగెత్తు లేచింది. 2024 మార్చిలో రోడ్డు వైపు ఇనప గేటు బిగించాడు. రాత్రి పది దాటితే దానికి తాళం. ఏడడుగుల సందు ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి రెండడుగుల తొమ్మిది అంగుళాలు మిగిలింది.

ఆ ఆగస్టులో మా చిన్నాన్న వరసాయన చనిపోయాడు. పాడె ఆ సందులో పట్టలేదు. పాడె వెడల్పే మూడడుగులు, దానికి అటూ ఇటూ మోసేవాళ్ళు. చివరికి శవాన్ని దుప్పట్లో వేసి, నాలుగు కొసలూ పట్టుకుని, మూట తీసుకొచ్చినట్టు రోడ్డు మీదికి తెచ్చి, అక్కడ పాడె మీద పెట్టి కట్టారు. ఊరంతా చూస్తుండగా జరిగింది. ఆయన కూతురు ఇప్పటికీ ఆ సందులో నుంచి నడిచేటప్పుడు తల ఎత్తదు.

అప్పుడు ఆ ఇంట్లో లా చదువుతున్న కుర్రాడు నోటీసు రాశాడు. ఆవేశంగా, బాగా రాశాడు. దాన్ని తీసుకుని మేం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళాం. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. దానికి ఆదాయ పరిమితి లేదు. కులధ్రువీకరణ పత్రం చాలు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు రెండూ అందులోకే వస్తాయి. మన పిల్లలకే ఈ సంగతి తెలియక నోటీసుకు రెండు వేలు, మూడు వేలు అప్పు చేస్తున్నారు.

వాళ్ళు కేటాయించిన లాయరమ్మ కుర్రాడి నోటీసు రెండు సార్లు చదివి ఎర్ర పెన్ను తీసింది. మొదట కొట్టేసిన వాక్యం ఇది: “మా తాతల కాలం నుండి తమరి పెద్దమనసుతో, తమరి అనుమతితో సదరు సందులో నడుచుచున్నాము, కనుక దయచేసి…”

కుర్రాడు బిత్తరపోయాడు. “మర్యాదగా రాశాను మేడమ్” అన్నాడు.

“నీ మర్యాద నీ కేసుని చంపేస్తుంది తమ్ముడూ” అంది ఆమె.

ఇది అర్థం కావాలంటే చట్టంలో ఒక్క చోటు చూడాలి. 1882 నాటి ఇండియన్ ఈజ్‌మెంట్స్ చట్టం, సెక్షన్ 15. వేరేవాళ్ళ నేల మీదుగా నువ్వు నడిచే దారి ఎప్పుడు హక్కుగా మారుతుందో అందులో ఉంది. ఇరవై ఏళ్ళు నడవాలి. గొడవ లేకుండా, బహిరంగంగా, ఆటంకం లేకుండా నడవాలి. ఇంకొకటి, ‘హక్కుగా’ నడవాలి. అంటే ఎవరి అనుమతీ అడక్కుండా, ఇది నా దారి అన్నట్టు నడిచి ఉండాలి. అనుమతి తీసుకుని నడిస్తే అది ఈజ్‌మెంట్ కాదు, లైసెన్సు. అదే చట్టం సెక్షన్ 52 లైసెన్సు గురించి చెబుతుంది. మామూలుగా లైసెన్సు ఇచ్చినవాడు దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నువ్వు వందేళ్ళు నడిచినా “నేను పోనిచ్చాను, ఇప్పుడు పోనివ్వను” అంటే అయిపోయింది.

ఇప్పుడు మన బతుకు గుర్తుచేసుకోండి. ఊళ్ళో మనం ఏది అడక్కుండా తీసుకున్నాం? నీళ్ళు అడిగాం, దారి అడిగాం, పీనుగను పూడ్చడానికి చోటు అడిగాం. అడగకపోతే దెబ్బలు తిన్నాం. ‘అయ్యా’, ‘దొరా’, ‘మీ దయ’ అనే మాటలు మన నోటికి అంటగట్టింది ఎవరు? వాళ్ళే. ఇప్పుడు అవే మాటలు కోర్టులో మనకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతాయి. అడిగి నడిచావు కాబట్టి నీకు హక్కు లేదంటారు. ఇంతకంటే పెద్ద ఉచ్చు నేను చూడలేదు. 1882లో ఆ చట్టం రాసినవాళ్ళకు పల్లె మనిషి ఊరి వీధిలో ఎలా నడిచాడో తెలుసని నేననుకోను.

లాయరమ్మ అక్కడితో ఆగలేదు. నాలుగిళ్ళ పెద్దవాళ్ళనూ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగింది. మీరు ఈ సందులో ఎలా నడిచేవాళ్ళు? ఎవరినైనా అడిగేవాళ్ళా?

డెబ్బై దాటిన తాత “అడిగేవాళ్ళం అమ్మా” అన్నాడు. కుర్రాడి మొహం మాడిపోయింది. ఆమె మాత్రం కాగితం పక్కన పెట్టి, “ఏమని అడిగేవాళ్ళు తాతా?” అంది.

“సందులోకి వచ్చేముందు ‘వస్తన్నామయ్యా’ అని ఒక కేక వేసేవాళ్ళం. చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాళ్ళం. ఆళ్ళ ఆడోళ్ళు వాకిట్లో ఉంటే లోపలికి పోవాలి గదా, మన నీడ పడగూడదని.”

“వద్దు అని ఎప్పుడైనా అన్నారా?”

“వద్దంటే ఎక్కడికి పోతాం? ఇల్లు లోపల పెట్టుకుని.”

“జవాబు వచ్చేదాకా ఆగేవాళ్ళా?”

“జవాబెవరు చెబుతారు? కేకేసి పోవడమే.”

ఆమె ఈ మాటలన్నీ ఉన్నదున్నట్టు రాసుకుంది. తాతను ‘అడగలేదు’ అని చెప్పమనలేదు. అలా చెప్పించి ఉంటే క్రాస్‌లో మొదటి ప్రశ్నకే దొరికిపోయేవాడు. “అది అనుమతి అడగడం కాదు, అంటరానితనం వేసిన కేక. అనుమతి అంటే వాళ్ళు ఇవ్వాలి, లేదంటే ఇవ్వకపోవాలి. ఇక్కడ ఆ రెండూ జరగలేదు. జరిగింది జరిగినట్టు చెబుదాం” అంది. నోటీసులో ఆ పేరా చివరికి ఇలా వచ్చింది: “నా క్లయింట్లు, వారి పూర్వీకులు ఇరవై సంవత్సరములకు పైబడి సదరు సందును బహిరంగముగా, నిరాటంకముగా, ఎవరి అనుమతిపైనను ఆధారపడక, తమ హక్కుగా వాడుకొనుచున్నారు.” దయ లేదు, పెద్దమనసు లేదు. చదివి వినిపిస్తుంటే తాత రెండోసారి చదవమన్నాడు.

రెండో ఎర్రగీత ఇంకో చోట పడింది. కుర్రాడు ఒకే పేరాలో మూడు మాటలు రాశాడు: ఈ సందు మా నాలుగిళ్ళ ఉమ్మడి ఆస్తి, ఇది పంచాయతీ బజారు, మీ స్థలంలో మాకు దారి హక్కు ఉంది. మూడూ కలిపి రాస్తే ఏదో ఒకటి తగులుతుందని అతని ఆలోచన. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఈజ్‌మెంట్ అంటేనే పరాయి నేల మీద హక్కు. నేల నాదే అన్నవాడు అదే నేల మీద ఈజ్‌మెంట్ అడగలేడు. ఇరవై ఏళ్ళూ సొంతదారుగా భావించుకుని నడిచినవాడు ఈజ్‌మెంట్‌గా నడిచినట్టు కాదని సుప్రీంకోర్టు చాలా ఏళ్ళ కిందటే చెప్పింది. 2008లో బచ్చాజ్ నహర్, నీలిమా మండల్ కేసు వచ్చింది. లా విద్యార్థులు తప్పక చదవాలి. దావా వేసినవాళ్ళు ఆ నేల మాదే అన్నారు. అది రుజువు కాలేదు. హైకోర్టు జాలిపడి, పోనీ దారి హక్కు ఇస్తాం అంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దావాలో అడగని హక్కును, అవతలివాడికి జవాబు చెప్పుకునే అవకాశం లేని హక్కును కోర్టు ఇవ్వలేదంది. అంటే మొదటి కాగితంలో ఏ గుర్రం ఎక్కావో చివరిదాకా దానిమీదే పోవాలి. నోటీసు ఆ మొదటి కాగితం. దావా అర్జీలో ఏదైనా మార్చి రాస్తే అవతలి లాయరు నోటీసు తీసి చూపిస్తాడు.

అందుకని నోటీసు రాయకముందు తేల్చుకోవాల్సింది, సందు కింద నేల ఎవరిది? గ్రామకంఠంలో ఇది అంత తేలిక కాదు. పొలాలకు ఉన్నట్టు ఇంటింటికీ కొలతల పటం చాలా ఊళ్ళలో ఉండదు, అంతా ఒకే నంబరు కింద ఉంటుంది. సర్వేయరు వచ్చినా సందును చూపించలేడు. అప్పుడు మాట్లాడేది దస్తావేజుల్లో హద్దులు. మన పట్టా కంటే ముందు అవతలివాడి దస్తావేజు తీయాలి. రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీస్తే డాక్యుమెంటు నంబరు దొరుకుతుంది, దానితో సర్టిఫైడ్ కాపీ ఎవరైనా తీసుకోవచ్చు. మేం తీశాం. ఆ మోతుబరి ఇల్లు 1991లో కొన్న దస్తావేజు. పడమర హద్దు దగ్గర ఏం రాసుందో తెలుసా? ‘పల్లెలోకి పోవు నడక సందు’.

ఆయన కొన్ననాడే సందు ఉంది. అది తన హద్దు అవతల ఉందని సంతకం పెట్టి కొన్నాడు. కుర్రాడు ఎగిరి గంతేశాడు. ఆ కాపీ ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇల్లు ఆయన పేరున లేదు, భార్య పేరున ఉంది. ఆయనొక్కడికే నోటీసు ఇచ్చి దావా వేసుంటే, ‘యజమానిని పార్టీ చేయలేదు’ అనే అభ్యంతరంతో రెండేళ్ళు తిప్పేవాళ్ళు. నోటీసు ఇద్దరికీ వెళ్ళింది, విడివిడి కవర్లలో.

ఇక సందు మాది అనాలా వద్దా అన్న దగ్గర ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. పెద్దమ్మకు కోపం వచ్చింది. “ఆ సందులో బురద మేం పూడ్చాం, మేం ఊడ్చాం. మాది కాదని కాగితం రాసిస్తామా?” న్యాయమైన కోపం. భూమి లేనివాళ్ళకు ‘మాది’ అనే మాట వదులుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. లాయరమ్మ ఓపిగ్గా చెప్పింది: “అమ్మా, నీది కాదని రాయడం లేదు. నేల ఎవరిదైనా సరే, నడిచే హక్కు నీది అని రాస్తున్నాం. నేల అడిగితే నీ దగ్గర కాగితం లేదు. నడక అడిగితే నీ దగ్గర యాభై ఏళ్ళ నడక ఉంది.”

అలా నోటీసు రెండు మెట్లుగా వచ్చింది. మొదటిది: మీ దస్తావేజు ప్రకారమే మీ స్థలం సందు దగ్గర ఆగిపోతుంది, సందు ఉమ్మడి నడకకు వదిలినది. రెండోది ‘ఒకవేళ’ అని మొదలవుతుంది: ఒకవేళ సందు కింద నేల మీదేనని రుజువు చేసుకున్నా, దాని మీద ఇరవై ఏళ్ళ వాడకంతో నా క్లయింట్లకు దారి హక్కు ఏర్పడింది. సొంత ఆస్తి అనే మాట ఎక్కడా లేదు. ఈ రెంటినీ కలగలిపి రాయడం వేరు, ‘ఒకవేళ’తో విడదీసి రాయడం వేరు. కోర్టు రెండోదాన్ని ఒప్పుకుంటుంది.

‘మాకు వేరే దారి లేదు’ అన్న వాక్యం కూడా పోయింది. నాకే ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే మన అర్జీలన్నిటిలో ఉండే వాక్యం అది. వెనక కాలవ కట్ట మీద నుంచి, వేరేవాళ్ళ పొలం గట్టు మీదుగా ఒక బాట ఉంది. ఎండాకాలమే పనికొస్తుంది, అర కిలోమీటరు చుట్టు. అయినా బాట బాటే. వేరే దారి లేకపోవడం సెక్షన్ 13 కింద అడిగే ‘అవసరం’ హక్కుకు ముఖ్యం. అక్కడ ఎంత ఇబ్బందిదైనా ఇంకో దారి ఉంటే హక్కు నిలవడం కష్టం. ఇరవై ఏళ్ళ వాడకం మీద అడిగే హక్కుకు ఇంకో దారి ఉన్నా ఫరవాలేదు. అవసరం లేని మాట రాసి, కాలవ కట్ట ఫొటోతో అబద్ధాలకోరుగా నిలబడటం ఎందుకు?

నాలుగో గీత మీద మాత్రం నేను వాదించాను. నోటీసు చివర కుర్రాడు రాశాడు: ‘పదిహేను రోజుల్లో తొలగించనిచో మీపై అట్రాసిటీ కేసు పెట్టబడును.’ ఎందుకు తీసేయాలి అన్నాను. చట్టంలో ఉంది కదా. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)లో రోడ్డు గానీ దారి గానీ వాడుకోకుండా ఎస్సీ ఎస్టీలను అడ్డుకోవడం నేరమని స్పష్టంగా ఉంది. నిజమే, ఉంది. కానీ 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆస్తి తగాదాలో ఒక పక్షం ఎస్సీ అయినంత మాత్రాన ఈ చట్టం వర్తించదు, కులం కారణంగా జరిగిందని కనిపించాలి. ఆ తీర్పు మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. ఊళ్ళో మన సందు మీద కన్ను పడటానికి కులం కాక ఇంకేం కారణం? అది ఇంకోసారి రాస్తాను. ప్రస్తుతానికి ఆ తీర్పు ఉంది. ‘గేటు తీయకపోతే కేసు పెడతా’ అని నువ్వే రాస్తే, గేటు తీస్తే కేసు లేదని నువ్వే ఒప్పుకున్నట్టు. అంటే కేసు కులం గురించి కాదు, గేటు గురించి అని వాళ్ళ లాయరు రేపు చదివి వినిపిస్తాడు.

పాడె రోజు ఆయన కొడుకు ఒక మాట అన్నాడని అందరూ చెబుతున్నారు. ఆ మాటకు ఆ రోజే స్టేషన్‌కు పోవాల్సింది. శవం ఇంట్లో పెట్టుకుని ఎవరు పోతారు? పోలేదు. తర్వాత పోవాలనుకుంటే అది విడిగా, తన కాళ్ళ మీద తను నిలబడే ఫిర్యాదుగా పోవాలి. బేరానికి పెట్టే రాయిగా కాదు. నోటీసులో పాడె సంగతి ఉంచారు. ఒకే ఒక్క వాక్యం, తేదీతో: ఆ రోజు మృతదేహమును పాడెపై తీసుకొనిపోవుటకు వీలులేక దుప్పటిలో మోసుకొనిపోవలసి వచ్చినది. దానికి విశేషణం ఒక్కటి కూడా పెట్టలేదు ఆమె.

ఇంతా చేసి, పక్కింటివాడి మీద దావాకు నోటీసు తప్పనిసరి కాదు. ఇది చాలామందికి తెలియదు. ప్రభుత్వం మీద, దాని అధికారుల మీద వేసేటప్పుడే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఉండాలి. పంచాయతీ కార్యదర్శిని కూడా ప్రతివాదిగా పెట్టాలనుకున్నాం కాబట్టి ఆయనకు అది విడిగా వెళ్ళింది. మరి పక్కింటివాడికి నోటీసు ఎందుకు? తేదీ కోసం.

సెక్షన్ 15లో ఒక వివరణ ఉంది, అది చదవనివాళ్ళే ఎక్కువ. ఎవరైనా అడ్డుపెడితే ఇరవై ఏళ్ళ లెక్క వెంటనే తెగిపోదు. అడ్డు సంగతి తెలిశాక ఏడాది పాటు దానికి తలొగ్గి ఊరుకుంటేనే తెగుతుంది. ఇంకొకటి, ఆ ఇరవై ఏళ్ళు దావా వేసే ముందు రెండేళ్ళ లోపు ముగిసి ఉండాలి. తాతలు నడిచారు, ముప్ఫై ఏళ్ళ కింద ఆగిపోయింది అంటే కుదరదు. మన గేటు పడింది 2024 మార్చి. నోటీసు వెళ్ళింది అదే ఏడాది నవంబరు. ఎనిమిది నెలలు. తలొగ్గలేదని చెప్పే మొదటి కాగితం అదే. నోటితో వంద గొడవలు పడ్డారు మనవాళ్ళు. వాటికి తేదీల్లేవు. 2021లో మెట్లు పడ్డప్పుడు ఇలాంటి కాగితం ఒక్కటీ లేదు, మెట్ల సంగతి కోర్టులో కాస్త కష్టమేనని లాయరమ్మ ముందే చెప్పింది.

కొలతలకు ఆమె ఊరికి రాలేదు, మమ్మల్నే చేయమంది. మేస్త్రి టేపుతో మూడు చోట్ల కొలిచాం: రోడ్డు దగ్గర, ట్యాంకు దగ్గర, ఇళ్ళ దగ్గర. తెల్లకాగితం మీద సందు గీసి నాలుగు మూలలకు ఏ, బి, సి, డి అని పెట్టి, గేటూ మెట్లూ ట్యాంకూ ఎర్రరంగుతో గుర్తించాం. ‘సదరు సందును ఆక్రమించినారు’ అని ఊరికే రాస్తే, రేపు డిక్రీ వచ్చినా ఏది పగలగొట్టాలో అమీనాకు తెలియదు. పంచాయతీ కుళాయి పైపు సందు మధ్యలో నుంచే పోతుంది. అది కూడా గీశాం. ఆయన సొంత జాగా అయితే పంచాయతీ పైపు ఎందుకు వేసింది?

నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపాం. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి ఇప్పుడు పంపేవాళ్ళు కౌంటర్లో అక్నాలెడ్జ్‌మెంటు కావాలని అడిగి తీసుకోండి. భార్య పేరున వెళ్ళిన కవరు వెనక్కి వచ్చింది. మీద పోస్టుమ్యాన్ రాశాడు, ‘తీసుకొనుటకు నిరాకరించినారు’. కుర్రాడు చింపబోయాడు. ఆపాను. అలా వెనక్కి వచ్చిన కవరు మన ఆస్తి, చింపకూడదు. సరైన చిరునామాకు పంపినది నిరాకరిస్తే అందినట్టే లెక్క, ఆ కవరు అలాగే కోర్టులో వేయాలి.

ఆయన మాత్రం తీసుకున్నాడు, డిసెంబరులో లాయరుతో జవాబు ఇప్పించాడు. జవాబు మొత్తం పొగరే. ‘నా క్లయింటు దయాదాక్షిణ్యములతో మీ క్లయింట్లను నడవనిచ్చుచుండెను’ అట. లాయరమ్మ ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి నవ్వింది. నడిచారని ఒప్పుకున్నాడు! అప్పటిదాకా ఆయన ఊళ్ళో చెబుతున్నది, అసలు అది దారే కాదు, మా దొడ్డి అని. ఇప్పుడు నడక గురించి తగాదా లేదు. హక్కుగా నడిచారా, దయతో నడిచారా అన్నదొక్కటే మిగిలింది.

అయితే జవాబుతో పాటు ఒక కాగితం జత చేశాడు. 2019లో మనవాళ్ళే తహసీల్దారుకు పెట్టిన అర్జీ నకలు. ఎవరో రాయించి వేలిముద్రలు వేయించారు: ‘మాకు దయవుంచి దారి ఇప్పించగలరు’. మా కడుపులో రాయి పడింది. దారి ఇప్పించమన్నారంటే అప్పటికి దారి లేదనేగా అర్థం? ఆ అర్జీ ఆయన చేతికి ఎలా వచ్చిందన్నది వేరే కథ. మన వాదన ఏంటంటే, ఆ అర్జీ వెళ్ళింది తహసీల్దారుకు, పక్కింటాయనకు కాదు. సర్కారును సిమెంటు రోడ్డు అడగడం పక్కింటివాడి అనుమతి అడగడం అవదు. అర్జీలో కింద ‘సదరు సందు బురదగా ఉన్నందున’ అని కూడా ఉంది, అంటే సందు ఉన్నట్టే. ఇది నిలుస్తుందా లేదా అన్నది జడ్జిగారు చెప్పాలి. బలహీనత లేదని నేను మీకు అబద్ధం చెప్పను.

ఇక్కడ మహాద్ గుర్తుకొస్తుంది నాకు. చవదార్ చెరువు సత్యాగ్రహం అందరికీ తెలుసు, దాని వెనక సివిల్ దావా ఉందని ఎంతమందికి తెలుసు? 1927 డిసెంబరులో సవర్ణులే కోర్టుకు పోయి, చెరువు తమదని, అంటరానివాళ్ళను దూరం పెట్టడం ఆచారమని చెప్పి తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. బాబాసాహెబ్ పదేళ్ళు ఆ కేసు నడిపాడు. 1937లో బొంబాయి హైకోర్టులో సవర్ణులు ఓడిపోయారు. ఆ ఆచారం అనాదిగా ఉందని రుజువు చేయలేకపోయారు. ఎన్నేళ్ళుగా ఉంది అన్నది రుజువు చేయాల్సిన బరువు హక్కు అడిగినవాడిదే. అక్కడ ఆ బరువు వాళ్ళ మీద పడింది. ఇక్కడ మన మీద ఉంది. అందుకే 1998 నాటి కరెంటు బిల్లులు, పాత ఓటరు జాబితా, ఇంటి పన్ను రసీదులు పెద్దమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తీయించాం. ఎలుకలు కొట్టినవి పోగా పదకొండు మిగిలాయి.

దావా 2025 ఫిబ్రవరిలో పడింది, గేటుకు ఏడాది నిండకముందే. అప్పటికి పంచాయతీ నోటీసుకు రెండు నెలలు దాటాయి. అడిగినవి మూడు: దారి హక్కు ఉందని ప్రకటన, గేటూ ట్యాంకూ మెట్లూ తీసేయమని ఆదేశం, ఇక ముందు అడ్డుపెట్టకుండా శాశ్వత ఇంజంక్షన్. వాటితో పాటు అడ్వొకేట్ కమిషనర్‌ను పంపమని పిటిషన్. సాక్ష్యం సేకరించడానికి కమిషనర్‌ను పంపరని అవతలివాళ్ళు అడ్డుపడ్డారు. మన దగ్గర ఏ, బి, సి, డి పటం ముందే ఉంది కాబట్టి, ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడానికే అడుగుతున్నామని చెప్పగలిగాం. కమిషనర్ వచ్చి కొలిచాడు. రెండడుగుల తొమ్మిది అంగుళాలు, మన మేస్త్రి టేపు లెక్కే. గేటుకు తాళం వేయకూడదని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. గేటు మాత్రం ఇంకా ఉంది, ట్యాంకూ ఉంది. దావా ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

కమిషనర్ వచ్చిన రోజు సందులో జనం మూగారు. ఆయన పెద్దమ్మను అడిగాడు, “నువ్వు ఈ ఇంటికి ఎప్పుడొచ్చావమ్మా?”

“పెళ్ళై వచ్చా. మా పెద్దోడికి యాభై.”

“ఏ దారిన వచ్చావు?”

పెద్దమ్మ ఆయన వంక చూసి, కాళ్ళకున్న చెప్పులతోనే ట్యాంకు పక్కగా, గోడకు ఆనుకుని, రోడ్డు దాకా నడిచి చూపించింది.

విచారణ మొదలయ్యాక మిగతాది రాస్తాను. 2019 అర్జీ లాంటి కాగితాలు మీ పల్లెలో ఎవరైనా పెట్టి ఉంటే, నోటీసు రాయకముందే నకళ్ళు తీసి లాయరుకు చూపించండి, అవతలివాడు చూపించేదాకా ఆగొద్దు.

జై భీమ్.